డైరీ పేజీని వ్లాగ్ స్క్రిప్టుగా మార్చడం ఎలా? లేపాక్షి ప్రయాణం ఉదాహరణగా

ప్రయాణాల డైరీ రాసే అలవాటున్నవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "పేజీలో చదువుకుంటే బాగుంటుంది. అదే వీడియోకు చదివితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. లోపం ఎక్కడ?" గొంతులో లోపం లేదు, భాషలోనూ లేదు. డైరీ రాసేది అన్నీ చూసి ఇంటికి వచ్చేసిన మనిషి. వీడియో చూసేవాళ్ళు ఇప్పుడే బస్సు దిగుతున్నారు. ఆ ఇద్దరికీ మధ్య ఉన్న దూరాన్ని స్క్రిప్టులో దాటాలి. ఎలా దాటాలో ఒక్క పేజీ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. పక్కన మీ పేజీ పెట్టుకుని నాతోపాటు చేయండి.

కావలసినవి

మీ డైరీలో ఒక రోజు పేజీ. ఒకటే తీసుకోండి, మొత్తం యాత్ర వద్దు. ఆ రోజు తీసిన క్లిప్పులు, ఫోటోలు. ఫోనులో స్టాప్‌వాచ్, గొంతు రికార్డు చేసే సౌకర్యం. నాలుగు రంగుల పెన్నులు. వీలైతే చిన్న స్పాంజి తొడుగున్న మైకు. ఖరీదైన కెమెరా అవసరం లేదు. నేను ఇక్కడ చూపించే పని చాలావరకు కాగితం మీదే జరుగుతుంది.

క్లిప్పులు అసలే లేకపోతే రెండు దారులున్నాయి. ఉన్న ఫోటోలతోనే మూడు నాలుగు నిమిషాల వీడియోకు స్క్రిప్టు రాయవచ్చు. లేదా స్క్రిప్టు ముందు రాసుకుని, దాన్ని పట్టుకుని ఆ ఊరికి మళ్ళీ వెళ్ళవచ్చు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఏ చోట ఎన్ని సెకన్లు నిలబడాలో తెలిసి వెళ్తాం. వేరేవాళ్ళ వీడియోలోని దృశ్యాలు మాత్రం తెచ్చి అతికించకండి.

మొదలుపెట్టే ముందు నా పేజీ ఇదిగో:

> ఈ రోజు లేపాక్షి. వేలాడే స్తంభం కింద నుంచి నేనూ మా చెల్లెలూ చున్నీ లాగి చూశాం. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వచ్చేసింది, ఒక మూల మాత్రం తట్టుకుంది. పొద్దున హిందూపురంలో బస్సెక్కి, అరగంటలో దిగి, ముందు నంది దగ్గరికి వెళ్ళి, ఫోటోలు తీసుకుని, అక్కడి నుంచి నడుచుకుంటూ గుడికి వెళ్ళాం. నంది ఒకే రాయి. మెడలో గంటలు, గొలుసులు చాలా బాగా చెక్కారు. గుడిని పదహారో శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారట. పైకప్పు బొమ్మలు చూసీ చూసీ మెడ నొప్పి పుట్టింది. నాగలింగం ఎదుట ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "వాళ్ళమ్మ వంట చేసేలోపు చెక్కేశారమ్మా దీన్ని" అని చెప్పింది. కల్యాణ మండపానికి కప్పు లేదు. అక్కడ కూర్చుంటే గాలి హాయిగా వచ్చింది. మధ్యాహ్నానికి కాళ్ళ కింద రాళ్ళు కాలిపోయి నిలబడలేకపోయాం.

1. ప్రతి వాక్యానికీ ఒక రంగు వేయండి

నేను నాలుగు పేర్లు పెట్టుకున్నాను: కన్ను, చెవి, ఒళ్ళు, దారి.

కంటితో చూసింది కన్ను. ఎవరో చెప్పింది, ఎక్కడో చదివింది చెవి. ఒంటికి తెలిసింది ఒళ్ళు. ఎలా వెళ్ళాం, ఎప్పుడు వెళ్ళాం, ఏం కొన్నాం అన్నది దారి. నా పేజీలో "గంటలు, గొలుసులు బాగా చెక్కారు" కన్ను. "అన్నదమ్ములు కట్టించారట" చెవి. మెడ నొప్పి, కాలిన రాళ్ళు, హాయైన గాలి ఒళ్ళు. బస్సు వాక్యమంతా దారి.

ఈ రంగులు వేసేది అందానికి కాదు. ఒక్కో రంగుకు వీడియోలో ఒక్కో గతి పడుతుంది. కంటికి కనిపించేది చాలావరకు బొమ్మే చెబుతుంది కాబట్టి మాటల్లోంచి పోతుంది. చెవి వాక్యాలను నిజమా కాదా అని సరిచూడాలి. దారి వాక్యాలు ఒకటి రెండు మాటలకు కుదించుకుపోతాయి. ఒంటికి తెలిసినవి మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. రాయి ఎంత వేడిగా ఉందో కెమెరాకు తెలియదు, మీ పాదాలకే తెలుసు. చాలామంది స్క్రిప్టు రాసేటప్పుడు సరిగ్గా ఈ వాక్యాలనే "సొంత గోల" అనుకుని తీసేస్తారు. వాటి చోట ఎక్కడో చదివిన చరిత్ర పెడతారు. అక్కడే వీడియో ప్రాణం పోతుంది.

2. గుర్తున్న వరుస వదిలి, నడిచిన వరుసలో పెట్టండి

నా డైరీ వేలాడే స్తంభంతో మొదలైంది, ఎందుకంటే ఆ రాత్రి నా మనసులో అదే మెదులుతోంది. కానీ మేము ముందు చూసింది రోడ్డు పక్కనున్న నంది. తర్వాత గుడి. గుడిలో స్తంభాల మండపం, పైకప్పు చిత్రాలు. ఆ తర్వాత ఆవరణలో నాగలింగం, కప్పు లేని కల్యాణ మండపం.

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆగిన చోట్లు వరుసగా చుక్కలు పెట్టండి. నాకు ఐదు చుక్కలు వచ్చాయి: నంది, వేలాడే స్తంభం, పైకప్పు, నాగలింగం, కల్యాణ మండపం. రంగులు వేసిన వాక్యాలను తెచ్చి ఏ చుక్క కింద ఏది పడుతుందో రాయండి. చుక్కకు చుక్కకు మధ్య ఖాళీ ఉంటుంది, అదే నడక. దాని సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

ఐదు చుక్కలకు మించితే ఆరేడు నిమిషాల వీడియోలో ఇమడవు. లేపాక్షిలో లతా మండపం స్తంభాల మీది అల్లికలు కూడా చూడదగ్గవే, చీరల అంచుల్లో కనిపించే అల్లికల్లా ఉంటాయి. కానీ నా డైరీలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. నేను చూసి కదలని చోటు గురించి మాట్లాడితే గొంతులో తెలిసిపోతుంది. అందుకే వదిలేశాను.

"ముందే స్తంభం చూపిస్తే జనం ఆగి చూస్తారు కదా" అని అడుగుతారు. మొదట్లో ఐదు సెకన్లు చూపించండి, తప్పు లేదు. చున్నీని స్తంభం దగ్గరికి తీసుకెళ్ళడం చూపించి అక్కడే ఆపేయండి. అవతలి పక్కకు రావడం చూపించారంటే తర్వాత వేచి చూడటానికి ఏమీ మిగలదు.

3. బొమ్మ చెప్పే మాట కొట్టేయండి

ఇప్పుడు ఒక్కో చుక్క దగ్గర మీ క్లిప్పు పెట్టి, శబ్దం తీసేసి చూడండి. పక్కన మీ వాక్యం ఉంచుకోండి. శబ్దం లేకుండానే తెలిసిపోయే ప్రతి మాటా కొట్టేయండి.

"మెడలో గంటలు, గొలుసులు చాలా బాగా చెక్కారు." గంటలు కనిపిస్తున్నాయి, గొలుసులు కనిపిస్తున్నాయి, బాగున్నాయని చూసేవాళ్ళే అనుకుంటారు. వాక్యం మొత్తం పోయింది. "నంది ఒకే రాయి." ఇది కంటికి తెలియదు. అతికిన రాళ్ళు కావచ్చని ఎవరైనా అనుకోవచ్చు కాబట్టి ఉంటుంది. "కల్యాణ మండపానికి కప్పు లేదు." ఆకాశం కనిపిస్తోంది, పోతుంది. కానీ కప్పు కూలిపోలేదు, మండపం కట్టడం మధ్యలోనే ఆగిపోయింది. ఈ సంగతి కంటికి తెలియదు కాబట్టి ఆ మాట చేరుతుంది.

"అద్భుతం", "మాటల్లో చెప్పలేం", "చూడటానికి రెండు కళ్ళూ చాలవు" లాంటివి మీ పేజీలో ఉంటే ఈ మెట్టులోనే తీసేయండి. వాటి చోట ఏమీ పెట్టకండి. ఖాళీగా ఉంటే భయపడకండి. ఆ ఖాళీయే తర్వాత విరామం అవుతుంది.

4. మేము, మనం, అక్కడ, ఇక్కడ, అన్నారు, అన్నారట

మన భాషకు ఉన్న ఒక సౌలభ్యం స్క్రిప్టు రాసేటప్పుడు బాగా పనికొస్తుంది. "మేము" అంటే విన్నవాళ్ళు బయట ఉంటారు, "మనం" అంటే లోపలికి వస్తారు. డైరీ అంతా "మేము" మీద నడుస్తుంది. స్క్రిప్టులో నడిచే చోట, చూసే చోట "మనం" రావాలి: "ఇప్పుడు మనం నంది మెడ దగ్గరికి వెళ్తున్నాం."

అయితే అన్నిచోట్లా మార్చేస్తే తప్పు. "మనం పొద్దున హిందూపురంలో బస్సెక్కాం" అన్నారనుకోండి, వీడియో చూస్తున్న మనిషి ఎక్కలేదు. "మనకు మెడ నొప్పి పుట్టింది" అన్నా అంతే. మీకు జరిగింది "మేము"గానో "నేను"గానో ఉంచండి, ఇప్పుడు కెమెరాలో జరుగుతున్నది "మనం" చేయండి. అనుమానం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: చూసేవాళ్ళు ఈ పని నాతోపాటు చేస్తున్నారా?

కాలం కూడా అంతే. "అక్కడి నుంచి గుడికి వెళ్ళాం" అన్నది "ఇక్కడి నుంచి గుడికి వెళ్దాం" అవుతుంది. "అక్కడ" అన్న మాట డైరీలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, నిలబడి ఉన్న చోటు గురించైతే "ఇక్కడ" చేయండి.

చివరిది "ట". దీని మీద శ్రద్ధ పెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను. డైరీలో మనం తెలిసినదానికీ, విన్నదానికీ కలిపి "అట" అని రాసేస్తాం. వీడియోలో అది తారుమారవుతుంది. గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం నాటిది, విరూపణ్ణ, వీరణ్ణ కట్టించారు. ఇది చరిత్ర, దీనికి "ట" అక్కరలేదు. తల్లి వంట పూర్తి చేసేలోపు శిల్పులు నాగలింగాన్ని చెక్కారన్నది జనం చెప్పుకునే కథ. దానికి "ట" గానీ, "అంటారు" గానీ, చెప్పిన మనిషి గానీ తప్పనిసరిగా ఉండాలి. కథను కథగా చెబితే దాని అందం ఏమీ తగ్గదు. కథను చరిత్రగా చెబితే మాత్రం తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

5. చోటును పరిచయం చేయడం

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. సాధారణంగా రాసుకొచ్చే పరిచయం ఇలా ఉంటుంది:

> లేపాక్షి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురం పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రముఖ చారిత్రక ప్రదేశం. ఇక్కడి వీరభద్రస్వామి ఆలయం విజయనగర శిల్పకళకు ప్రతీకగా నిలుస్తుంది.

ఇందులో తప్పు సమాచారం లేదు. కానీ ఇది చెబుతున్నంతసేపూ తెర మీద నంది ఉంది. చూసేవాళ్ళు నందిని చూస్తారా, జిల్లా పేరు వింటారా? రెండూ సరిగ్గా జరగవు.

నేను పాటించే పద్ధతి ఇది. మొదట మాటలు లేకుండా నాలుగు సెకన్లు చోటు కనిపించాలి, వినిపించాలి. తర్వాత కంటికి తెలియని ఒక్క విషయం చెప్పాలి. ఆ తర్వాత మనం ఎక్కడున్నామో చెప్పాలి. చివర, దగ్గరికి వెళ్ళి ఏం చూడబోతున్నామో చెప్పి ఆపాలి. ఈ నాలుగూ కలిపి ఇరవై మాటలు దాటకూడదు.

కింది స్క్రిప్టులో / అనే ఒంటి గీత చిన్న ఊపిరి, అంటే అర సెకను. జంట గీత రెండు సెకన్లు. చదరపు కుండలీకరణాల్లో ఉన్నది బొమ్మ, చోటు శబ్దం.

> [నంది, కాస్త దూరం నుంచి. రోడ్డు శబ్దం. మాటలు లేవు. 4 సెకన్లు]
> ఇదంతా ఒకే రాయి. //
> లేపాక్షిలో ఉన్నాం. / గుడికన్నా ముందు ఈ నందిని చూద్దాం. //
> మెడ దగ్గరికి వెళ్దాం. / గంటలు చూడాలి.
> [గంటలు, దగ్గరి నుంచి. మాటలు లేవు. 5 సెకన్లు]

మరి జిల్లా పేరు, దూరం ఎక్కడికి పోయాయి? తెర మీద అక్షరాల్లో వేయండి. చదివేవాళ్ళు చదువుకుంటారు, నంది మీద మాట పడదు.

పెద్ద పరిచయం వీడియోకు ఒక్కటే. గుడిలోకి వెళ్ళాక ఒక్కో చోటుకు ఒక్కో వాక్యం చాలు. పైకప్పు దగ్గర నేను రాసుకున్నది ఇంతే: "తల పైకెత్తండి. // ఈ రంగులు నాలుగు వందల ఏళ్ళు దాటినవి." తర్వాత పది సెకన్ల పాటు చిత్రాలే. ఆ తర్వాత "చూసీ చూసీ నాకు మెడ నొప్పి పుట్టింది. / అయినా దించబుద్ధి కాలేదు." డైరీలోని ఒంటి వాక్యం అక్కడికి వచ్చి చేరింది.

6. నడుస్తూ చెప్పే మాటలు

నడక గురించి నేను గట్టిగా నమ్మే సూత్రం ఒకటి ఉంది. బొమ్మ నిండుగా ఉన్నప్పుడు మాట తగ్గాలి, బొమ్మ పలచగా ఉన్నప్పుడు మాట పెరగవచ్చు. నంది ఎదుట చరిత్ర చెప్పకూడదు. నంది నుంచి గుడికి వెళ్ళే రోడ్డు మీద చెప్పాలి. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు, చెవి ఖాళీగా ఉంది. కాబట్టి మీరు ఒకటో మెట్టులో "చెవి" అని రంగు వేసినవాటిని తెచ్చి నడకల్లో సర్దండి.

ముందు మీ వేగం కొలుచుకోండి. మీ డైరీలో సరిగ్గా వంద పదాలు లెక్కపెట్టి, కబురు చెబుతున్నట్టు చదివి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నాకు అరవై ఏడు సెకన్లు పడుతుంది, అంటే నిమిషానికి దాదాపు 90 పదాలు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లీషు వీడియోలవాళ్ళు చెప్పే లెక్కలు మనకు పనికిరావు. నడుస్తూ చెబితే ఇంకా కొంచెం తగ్గుతుంది.

నంది నుంచి గుడికి నాలుగైదు నిమిషాలు నడిచాం. అంతా చూపిస్తే ఎవరూ చూడరు. నలభై సెకన్లు ఉంచాను. అందులో మొదటి 4, చివరి 5 సెకన్లు మాటలు లేకుండా వదిలాను. మిగిలిన 31 సెకన్లకు రాసుకున్నది ఇది:

> [రోడ్డు. ఫోను ఛాతీ ఎత్తులో. 4 సెకన్లు]
> నంది దగ్గర నుంచి గుడికి నడిచే వెళ్దాం. / నాలుగైదు నిమిషాల దారి.
> [అడుగుల చప్పుడు. 3 సెకన్లు]
> ఈ గుడి పదహారో శతాబ్దం నాటిది. / విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న కాలం. //
> విరూపణ్ణ, వీరణ్ణ అని ఇద్దరు అన్నదమ్ములు దీన్ని కట్టించారు.
> [నడక. 5 సెకన్లు]
> అదిగో, / ప్రాకారం కనిపిస్తోంది.
> [ప్రాకారం దగ్గరవుతూ. 5 సెకన్లు]

ఇవి 28 పదాలు. నా వేగానికి దాదాపు 19 సెకన్లు. మూడు ఒంటి గీతలు కలిపి సెకనున్నర, జంట గీత రెండు, మధ్యలోని నడకలు మూడూ ఐదూ. కూడితే 31 సెకన్ల లోపే సరిపోతుంది. నా పాత స్క్రిప్టులో ఇదే నడకకు 70 పదాలు ఉండేవి. వాటిని ఇరికించడానికి గబగబా చదివేదాన్ని. వింటుంటే ఊపిరాడేది కాదు.

ఇంకో జాగ్రత్త ఉంది. డైరీలో మనం "బస్సెక్కి, దిగి, వెళ్ళి, ఫోటోలు తీసుకుని, నడుచుకుంటూ వెళ్ళాం" అని గొలుసులు కడతాం. కాగితం మీద అది మన భాషకు సహజమే. నడుస్తూ చెబితే చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఉండదు, "వెళ్ళాం" గొంతులోనే ఉండిపోతుంది. ఒక వాక్యంలో అలాంటి ముక్కలు రెండుకు మించితే విరగ్గొట్టండి. ఎనిమిది పదాల వాక్యం నడకకు హాయిగా ఉంటుంది.

నడుస్తూనే మాట్లాడాలా, ఇంటికొచ్చి గొంతు చేర్చాలా? నడుస్తూ మాట్లాడితే ఊపిరి, అడుగులు సహజంగా వస్తాయి. కానీ గాలి ఎక్కువైతే మాట పోతుంది. కల్యాణ మండపంలో నేను చెప్పినదంతా గాలి హోరులో కలిసిపోయి, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. గాలికి వీపు పెట్టి నిలబడి, మైకుకు స్పాంజి తొడిగితే చాలావరకు బాగుపడుతుంది. ఇంట్లో చేర్చేటట్టయితే కుర్చీలో కూర్చోకండి. నిలబడి, నెమ్మదిగా అటూ ఇటూ కదులుతూ చదవండి. కూర్చుని చదివిన గొంతు నడుస్తున్న బొమ్మకు అతకదు.

7. విరామాలు ఎక్కడ, ఎంతసేపు

విరామం అంటే మాట మరిచిపోయిన చోటు కాదు, చూసేవాళ్ళకు చూసే వీలు ఇచ్చే చోటు. దానికి శబ్దం కావాలి. అందుకే ఆగిన ప్రతి చోటా, ఏమీ మాట్లాడకుండా ముప్పై సెకన్ల పాటు ఆ చోటు శబ్దం విడిగా రికార్డు చేసుకోండి. పూర్తిగా శబ్దం లేని విరామం పెడితే వీడియో ఆగిపోయిందనుకుని ఫోను తట్టి చూస్తారు.

చిన్న ఊపిరి ఎక్కడ తీయాలో తెలుగు వాక్యమే చెబుతుంది. "వస్తుంటే", "వెళ్ళగానే", "చూశాక" లాంటి మాటల తర్వాత ఆగవచ్చు. క్రియతో వాక్యం ముగిశాక ఆగవచ్చు. విశేషణానికీ, అది చేరే మాటకూ మధ్య ఆగకూడదు. "ఒకే రాతిలో చెక్కిన / నంది" అని ఆగితే నాటకంలా ఉంటుంది. "ఒకే / రాతిలో" అంటే తడబడినట్టే. "ఒకే రాతిలో చెక్కారు. / ఈ నందిని మొత్తం" అని తిప్పితే ఊపిరి సహజంగా పడుతుంది.

పెద్ద విరామాన్ని మాత్రం వీడియోలో ఒకటి రెండు చోట్లకే దాచుకోండి. నాకు అది స్తంభం దగ్గర దొరికింది:

> [మండపం. స్తంభం అడుగు. 3 సెకన్లు]
> ఈ స్తంభం కింద ఖాళీ ఉందంటారు. // చూద్దాం.
> [చున్నీ ఒక పక్క నుంచి లోపలికి. చేతులు మాత్రమే. బట్ట రాతికి రాసుకునే చప్పుడు. మాటలు లేవు. 8 సెకన్లు. చున్నీ అవతలికి వస్తుంది]
> వచ్చింది. //
> ఈ మూల మాత్రం నేలకు తగులుతోంది.

ఎనిమిది సెకన్లు రాసుకున్నప్పుడు చాలా ఎక్కువనిపిస్తుంది. తగ్గించకండి. బట్ట లోపలికి వెళ్ళిందని చూసేవాళ్ళకు తెలిసేదీ, అవతల వస్తుందా రాదా అని చూసేదీ ఆ ఎనిమిది సెకన్లలోనే. నా మొదటి ప్రయత్నంలో "ఇదిగో చూడండి, వెళ్తోంది, వచ్చేస్తోంది" అని వ్యాఖ్యానం చెప్పాను. తర్వాత మాటలు తీసేసి బట్ట చప్పుడే ఉంచాను. రెండూ మా చెల్లెలికి చూపిస్తే, రెండోది చూస్తూ ముందుకు వంగింది. అప్పటి నుంచి ఆ చోట నోరు విప్పలేదు.

నాగలింగం దగ్గర పెద్దావిడ మాట వేరు. ఆమెను చిత్రీకరించాలంటే ముందే అడగండి. ఒప్పుకోకపోతే, ఆమె మాటను మీ గొంతుతో మామూలుగా చెప్పండి: "ఇక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ నాతో ఒక మాట అంది. / వాళ్ళమ్మ వంట చేసేలోపు చెక్కేశారమ్మా దీన్ని, అని." ఆమె యాసను అనుకరించవద్దు. ఆ మాట తర్వాత నాగపడగల మీదుగా కెమెరా నెమ్మదిగా పైకి వెళ్ళాలి, ఐదు సెకన్లు మాట లేకుండా. కథ మనసులో దిగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

గుడులలో ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోండి. గర్భగుడిలో చిత్రీకరణ పెట్టుకోకండి, ఆ చోటుకు స్క్రిప్టులో మాటలే రాసుకోండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడు వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చేత్తో పట్టుకుని తీసేటట్టే స్క్రిప్టు రాసుకుంటే ఇబ్బంది ఉండదు.

8. గట్టిగా చదివి సరిచూసుకోండి

స్క్రిప్టును కళ్ళతో చదివి బాగుందనుకోకండి. ఫోనులో రికార్డు చేస్తూ, ఇంటి వరండాలో నడుస్తూ, గీతల దగ్గర ఆగుతూ మొత్తం చదవండి. తర్వాత మూడు రకాలుగా పరీక్షించండి.

మొదట కళ్ళు మూసుకుని గొంతు ఒక్కటే వినండి. చోటు మొత్తం మాటల్లోనే కనిపించిందంటే మీరు బొమ్మ చేయాల్సిన పని కూడా చేసేశారు. మూడో మెట్టుకు తిరిగి వెళ్ళండి. రెండోసారి మాటలు తీసేసి బొమ్మ ఒక్కటే చూడండి. ఎక్కడున్నామో, ఎటు వెళ్తున్నామో తెలియకపోతే నడక క్లిప్పు ఏదో తగ్గింది. మూడోసారి రెండూ కలిపి, ఆ ఊరు చూడని ఒకరికి చూపించండి. అయ్యాక "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "గుడికి ముందు ఏం చూశాం? స్తంభం తర్వాత ఎటు వెళ్ళాం?" అని అడగండి. వరుస చెప్పగలిగితే మీ నడక కుదిరింది. చెప్పలేకపోతే ఏ చుక్కల మధ్య తడబడ్డారో చూడండి, అక్కడ "అదిగో" లాంటి చూపించే మాట ఒకటి తగ్గి ఉంటుంది.

రికార్డు వినేటప్పుడు మూడు తప్పులు తరచుగా దొరుకుతాయి. ప్రతి చోటా "ఇప్పుడు మనం" తో మొదలుపెట్టడం ఒకటి. వీడియోలో రెండుసార్లు దాటితే మిగతావి తీసేయండి, "ఇటు రండి", "తల పైకెత్తండి", "వినండి" లాంటివి వాడండి. "నిర్మించబడినది", "చెక్కబడినది" లాంటి రాత మాటలు రెండోది. నోటితో "కట్టారు", "చెక్కారు" అంటే చాలు. మూడోది, విరామం వచ్చిన చోటల్లా సంగీతం నింపడం. చున్నీ చప్పుడు మీద వేణువు వేస్తే ఆ చప్పుడు ఎవరికీ వినిపించదు. సంగీతం కావాలనిపిస్తే రోడ్డు నడక మీద వేసి, గుడి గడప దగ్గర ఆపేయండి.

నా స్క్రిప్టు చివరికి కల్యాణ మండపం దగ్గర ఆగింది. పేజీలో మిగిలినవి రెండే వాక్యాలు, రెండూ ఒంటివే. వాటిని తిరగేసి పెట్టాను, ఎందుకంటే మేము రాళ్ళ వేడికి తాళలేకే వచ్చి నీడ పట్టున కూర్చున్నాం:

> [కప్పు లేని స్తంభాలు, వాటి మీద ఆకాశం. గాలి శబ్దం. 5 సెకన్లు]
> ఇది కట్టడం మధ్యలోనే ఆగిపోయింది. //
> మధ్యాహ్నానికి కాళ్ళ కింద రాళ్ళు కాలిపోయాయి. / స్తంభం నీడ వెతుక్కుని కూర్చున్నాం. //
> గాలి వచ్చింది.
> [గాలి. చెల్లెలి చున్నీ కొస కదులుతూ. 10 సెకన్లు]